సొంతంగా తయారు చేసుకున్న అచీవ్‌మెంట్ టెస్ట్‌కి వాలిడిటీ, రిలయబిలిటీ ఎలా తేల్చాలి, మెథడ్స్ చాప్టర్‌లో ఎలా రాయాలి

చాలా థీసిస్‌లలో మెథడ్స్ చాప్టర్ తెరిస్తే ఇదే వాక్యం కనపడుతుంది: "పరిశోధకుడు రూపొందించిన సాధన పరీక్ష సప్రమాణతను నిపుణులు నిర్ధారించారు, విశ్వసనీయత గుణకం 0.86." అంతే, తర్వాత పేరా శాంపిల్ గురించి మొదలైపోతుంది. వైవాలో ఎగ్జామినర్ అడిగేది కూడా సరిగ్గా ఇక్కడే: ఆ 0.86 ఏ వెర్షన్ మీద వచ్చింది, 45 ప్రశ్నల డ్రాఫ్ట్ మీదా, 30 ప్రశ్నల ఫైనల్ మీదా? ఏ పిల్లల మీద? ఆ పిల్లలు అప్పటికి ఆ పాఠం చదివారా? ఈ మూడింటికి సమాధానం లేకపోతే 0.86 అనే అంకెకి అర్థం ఉండదు, ఎందుకంటే వాలిడిటీ గానీ రిలయబిలిటీ గానీ ప్రశ్నపత్రానికి అంటుకుని ఉండే గుణాలు కావు, ఫలానా పిల్లలు ఫలానా వెర్షన్ రాస్తే వచ్చిన స్కోర్ల గురించి చెప్పే మాటలు.

కాబట్టి ఈ గైడ్ అంతా ఒకే కేసు పట్టుకుని నడుస్తాను. టాపిక్ "విద్యుత్ వలయాలు", హైస్కూల్ పిల్లలకి, కొత్త పద్ధతిలో బోధిస్తే సాధన పెరుగుతుందా అన్నది స్టడీ, ప్రీటెస్ట్ పోస్ట్‌టెస్ట్ రెండిటికీ ఒకే పరీక్ష, 4 ఆప్షన్ల బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి 1 మార్కు, ఫైనల్‌లో 30 ప్రశ్నలు కావాలి. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను పెట్టినవి, మీ డేటాలో వేరేగా వస్తాయి.

1. ముందు బ్లూప్రింట్, తర్వాతే ప్రశ్నలు

కంటెంట్ వాలిడిటీకి అసలు ఆధారం బ్లూప్రింటే, నిపుణుల సంతకాలు కాదు. నిపుణుడు చూసేది "ఈ ప్రశ్నలు ఆ యూనిట్ మొత్తానికి సరైన నమూనానా" అని, ఆ యూనిట్‌లో ఏముందో, దేనికి ఎంత బరువు ఇవ్వాలో మీరు ముందే రాసి ఇవ్వకపోతే ఆయన దేనితో పోల్చి చూస్తారు? ప్రశ్నలన్నీ రాసేసి, చివర్లో వాటిని లెక్కపెట్టి బ్లూప్రింట్ గీసేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా చేస్తే పట్టికలో అంకెలు ఎప్పుడూ సరిపోతాయి గానీ ఫలానా సబ్‌టాపిక్‌కి 8 ప్రశ్నలు ఎందుకు అంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

బరువు ఎలా ఇవ్వాలి అంటే తేలికైన, సమర్థించుకోగలిగిన దారి బోధనా పీరియడ్లు. మన యూనిట్‌కి 15 పీరియడ్లు అనుకుందాం, పీరియడ్‌కి 2 ప్రశ్నల లెక్కన ఫైనల్ 30, డ్రాఫ్ట్‌లో పీరియడ్‌కి 3 లెక్కన 45.

| సబ్‌టాపిక్ | పీరియడ్లు | డ్రాఫ్ట్ | ఫైనల్‌లో ఉండాల్సినవి |
|---|---|---|---|
| విద్యుత్ ప్రవాహం | 2 | 6 | 4 |
| ఓమ్ నియమం | 3 | 9 | 6 |
| శ్రేణి సంధానం | 4 | 12 | 8 |
| సమాంతర సంధానం | 4 | 12 | 8 |
| విద్యుత్ సామర్థ్యం | 2 | 6 | 4 |

దీనికి అడ్డంగా జ్ఞానం, అవగాహన, వినియోగం అనే స్థాయిలు కూడా వేసుకోవాలి, మన 30లో 8, 12, 10 అనుకోండి. డ్రాఫ్ట్‌లో ఫైనల్ కన్నా సగం ఎక్కువ ప్రశ్నలు ఉండాలన్నది ఊరికే చెప్పే మాట కాదు, ఎందుకో 4వ స్టెప్‌లో తెలుస్తుంది.

2. నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు

"సార్ ఒకసారి చూసి సంతకం పెట్టండి" అని ఇస్తే బాగుందమ్మా అని పెట్టి ఇచ్చేస్తారు, అది థీసిస్‌లో రాయడానికి పనికిరాదు. వాళ్ల చేతికి నాలుగు కాగితాలు వెళ్లాలి: యూనిట్ లక్ష్యాలు, బ్లూప్రింట్, కీతో పాటు ప్రశ్నలు, రేటింగ్ షీట్. రేటింగ్ షీట్‌లో ప్రతి ప్రశ్న ఎదురుగా 1 నుంచి 4 దాకా స్కేల్ (1 సంబంధం లేదు, 4 పూర్తిగా సంబంధం ఉంది), పక్కన భాష గురించీ కీ గురించీ రాయడానికి ఖాళీ. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఏ ప్రశ్న ఏ సబ్‌టాపిక్‌కి చెందిందో, ఏ స్థాయిదో వాళ్లకి ముందే చెప్పకుండా వాళ్లనే గుర్తించమనండి, మీరు వినియోగం అనుకున్న ప్రశ్నని ముగ్గురు జ్ఞానం అన్నారంటే మీ బ్లూప్రింట్ అక్కడ తప్పిందని అర్థం, ఈ సమాచారం సంతకం కన్నా ఎంతో విలువైనది.

మన కేసులో 7 మంది నిపుణులు, అందులో 3 ఆ సబ్జెక్ట్ చెప్పే టీచర్లు, 2 టీచర్ ఎడ్యుకేషన్‌లో సైన్స్ మెథడాలజీ చెప్పేవాళ్లు, 2 మూల్యాంకనం తెలిసినవాళ్లు. అందరూ ప్రొఫెసర్లే అయితే క్లాసులో పిల్లలు ఆ మాట ఎలా అర్థం చేసుకుంటారో చెప్పేవాళ్లు ఉండరు, నా అనుభవంలో పనికొచ్చే కామెంట్లు ఎక్కువగా రోజూ పాఠం చెప్పే టీచర్ల దగ్గర్నుంచే వచ్చాయి.

లెక్క తేలికే. ఒక ప్రశ్నకి 3 లేదా 4 ఇచ్చినవాళ్ల సంఖ్యని మొత్తం నిపుణులతో భాగించాలి, దీన్నే ఐటమ్ కంటెంట్ వాలిడిటీ ఇండెక్స్ అంటారు. ఆరుగురు అంతకన్నా ఎక్కువ నిపుణులు ఉంటే కనీసం 0.78 ఉండాలని, ఐదుగురు లేదా తక్కువ ఉంటే అందరూ ఒప్పుకోవాలని వాడుకలో ఉన్న నియమం. 7 మందిలో 6 ఒప్పుకుంటే 0.86, ప్రశ్న ఉంటుంది, 5 ఒప్పుకుంటే 0.71, ఉండదు. మనకి 45లో 5 ప్రశ్నలు తప్పాయి, 3 తీసేశాం, 2 మార్చి మళ్లీ అదే నిపుణులకి పంపితే ఈసారి రెండిటికీ 6 మంది ఒప్పుకున్నారు. మిగిలిన 42లో 31 ప్రశ్నలకి 7కి 7, 11 ప్రశ్నలకి 7కి 6, మొత్తం సగటు 0.96. మార్చిన ప్రశ్నని మళ్లీ చూపించకుండా పాత రేటింగే రాయడం జరుగుతూ ఉంటుంది, అలా చేయకండి, మార్చిన ప్రశ్న కొత్త ప్రశ్నే.

3. ట్రైఅవుట్: ఎవరి మీద చేయాలి అన్నదే అసలు విషయం

ముందు చిన్న ట్రైఅవుట్, 10 మంది చాలు, ఒక్కొక్కరిని కూర్చోబెట్టి ప్రశ్న చదివి ఏం అర్థమైందో పైకి చెప్పమనాలి, బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా, ఎంత టైమ్ పడుతోంది అన్నవి ఇక్కడే తేలిపోతాయి. దీనికి స్టాటిస్టిక్స్ ఏమీ అక్కర్లేదు.

పెద్ద ట్రైఅవుట్ దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను. నా అసలు శాంపిల్‌లో పిల్లలు ఇంకా ఆ పాఠం మొదలుపెట్టలేదు, కాబట్టి పైలట్ కూడా "అలాంటి పిల్లల మీదే" చేయాలని అనుకుని, పాఠం చదవని క్లాసులో పెట్టాను. రిలయబిలిటీ 0.3 దగ్గర వచ్చింది, ప్రశ్నలన్నీ చెత్త అనుకుని వారం రోజులు తిరగరాశాను. ప్రశ్నల్లో తప్పు లేదు. పాఠం రాని పిల్లలు గెస్ చేస్తారు, అందరూ 4 ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టారనుకోండి, 30 ప్రశ్నలకి సగటు 7.5 వస్తుంది, స్కోర్ల వేరియన్స్ 30 × 0.25 × 0.75 = 5.625 వస్తుంది, కింద 5వ స్టెప్‌లో ఉన్న ఫార్ములాలో వేస్తే రిలయబిలిటీ సరిగ్గా సున్నా. పిల్లల మధ్య నిజమైన తేడా లేనప్పుడు పరీక్ష ఎంత మంచిదైనా ఆ తేడాని కొలవలేదు కదా.

అందుకే ఐటమ్ అనాలిసిస్‌కి, రిలయబిలిటీకి తీసుకునే పిల్లలు ఆ యూనిట్ ఈమధ్యే పూర్తి చేసినవాళ్లై ఉండాలి. సాధారణంగా పై తరగతి పిల్లలో, లేదా పాఠం ముందే అయిపోయిన ఇంకో స్కూలు పిల్లలో. అసలు ప్రయోగంలో ఉండబోయే పిల్లలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇందులో ఉండకూడదు, ప్రశ్నలు ఒకసారి చూసేసినవాళ్ల ప్రీటెస్ట్ ప్రీటెస్ట్ కాదు. ఇదే లెక్కన మీ ప్రీటెస్ట్ డేటా మీద రిలయబిలిటీ తక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు, పోస్ట్‌టెస్ట్ మీద కూడా చూసి రెండూ రిపోర్ట్ చేసి కారణం రాయండి.

మన కేసులో యూనిట్ పూర్తి చేసిన 110 మంది, 42 ప్రశ్నలు, టైమ్ సరిపడా ఇచ్చాం. టైమ్ సంగతి ఎందుకంటే చివరి ప్రశ్నలకి చాలామంది చేరుకోకపోతే, చేరుకోని ప్రశ్నలన్నీ ఒకేసారి సున్నా అయిపోయి వాటి మధ్య సంబంధం ఉన్నట్టు కనపడుతుంది, రిలయబిలిటీ దొంగగా పెరుగుతుంది. చివరి ఐదు ప్రశ్నల్లో ఖాళీలు ఎన్నున్నాయో లెక్కపెడితే ఇది పట్టుకోవచ్చు.

4. ఐటమ్ అనాలిసిస్: ఎక్కువ సేపు కూర్చోవాల్సింది ఇక్కడే

110 పేపర్లని మొత్తం మార్కుల ప్రకారం పైనుంచి కిందకి పేర్చి, పైన 27 శాతం, కింద 27 శాతం తీసుకోవాలి. 110లో 27 శాతం 29.7, అంటే పైన 30, కింద 30. ఈ 27 అనే అంకె 1939లో కెల్లీ చూపించినది, రెండు గుంపులూ వీలైనంత దూరంగానూ ఉండాలి, వీలైనంత పెద్దగానూ ఉండాలి అన్న రెండు అవసరాల మధ్య రాజీ అది. ఇప్పుడు కంప్యూటర్‌లో అందరి డేటాతో ఐటమ్ టోటల్ కోరిలేషన్ తీయొచ్చు, అది కూడా మంచిదే, కానీ రెండిటిలో ఏది వాడతారో ముందే తేల్చుకోండి, రెండూ చేసి ఏది అందంగా ఉంటే అది రాయడం సరికాదు.

```
కఠినతా సూచిక:   p = (U + L) / 2n
విచక్షణ సూచిక:  D = (U - L) / n
U = పై గుంపులో సరిగ్గా రాసినవాళ్లు
L = కింది గుంపులో సరిగ్గా రాసినవాళ్లు
n = ఒక్క గుంపులో ఉన్నవాళ్లు (ఇక్కడ 30)
```

17వ ప్రశ్న చూద్దాం. శ్రేణిలో ఉన్న రెండు బల్బుల్లో ఒకటి మాడిపోతే రెండోది ఏమవుతుంది అని. పైవాళ్లలో 26 మంది, కిందివాళ్లలో 11 మంది సరిగ్గా రాశారు. కఠినతా సూచిక 37/60 = 0.62, విచక్షణ సూచిక 15/30 = 0.50. మంచి ప్రశ్న, ఉంచేయొచ్చు. (పేరు కఠినతా సూచిక అయినా అంకె పెరిగితే ప్రశ్న తేలిక అని అర్థం, ఇది తిరగేసి రాసిన థీసిస్‌లు చూశాను, జాగ్రత్త.)

5వ ప్రశ్న, బ్యాటరీ గుర్తు ఏది అని. 29 మంది, 28 మంది. కఠినత 0.95, విచక్షణ 0.03. అందరికీ వచ్చు, ఎవరినీ వేరు చేయట్లేదు, తీసేయొచ్చు.

23వ ప్రశ్న అసలు కథ. సమాంతరంగా ఉన్న రెండు బల్బులకి మూడోది కూడా సమాంతరంగా కలిపితే మొదటి బల్బు వెలుగు ఏమవుతుంది అని, కీ "మారదు". పైవాళ్లలో 12, కిందివాళ్లలో 16. విచక్షణ సూచిక −4/30, అంటే −0.13. బాగా వచ్చిన పిల్లలు తప్పు చేస్తున్నారు, రాని పిల్లలు ఒప్పు చేస్తున్నారు. ఇలా మైనస్ వచ్చినప్పుడు చాలామంది చూడకుండా తీసేస్తారు, కానీ ముందు కీ సరిగ్గా ఉందా అని చూడాలి, తర్వాత ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో లెక్కపెట్టాలి. పై గుంపులో 12 మంది "మారదు", 17 మంది "తగ్గుతుంది", 1 "పెరుగుతుంది". కింది గుంపులో 16, 9, 4, ఇంకొకరు "ఆరిపోతుంది". పైవాళ్లలో 17 మంది ఒకే "తప్పు" సమాధానానికి వెళ్లారంటే అది గెస్ కాదు, వాళ్లు ఏదో ఆలోచించే పెట్టారు. అడిగితే ల్యాబ్‌లో చేసినప్పుడు మూడో బల్బు కలపగానే వెలుగు తగ్గింది అన్నారు, అది నిజమే, మామూలు బ్యాటరీకి అంతర్నిరోధం ఉంటుంది కాబట్టి కరెంట్ ఎక్కువ లాగితే వోల్టేజ్ కొంచెం పడిపోతుంది. ప్రశ్నలో "బ్యాటరీ అంతర్నిరోధం లేదనుకోండి" అన్న ఒక్క మాట లేదు. ఏడుగురు నిపుణులు చూసినా దొరకని లోపం ఇలా దొరికింది, కంటెంట్ వాలిడిటీ ఒక్కటే రాసి ఊరుకోకూడదు అనేది ఇందుకే.

ఆ మాట కలిపి ప్రశ్నని ఫైనల్‌లో పెట్టేయొచ్చా అంటే వద్దు, మార్చిన ప్రశ్న కొత్త ప్రశ్న అని ఇందాకే అనుకున్నాం, దానికి డేటా లేదు. ఇంకో ట్రైఅవుట్ చేసే వీలుంటే మార్చి పెట్టండి, లేకపోతే తీసేయండి.

ఇప్పుడు 42 ప్రశ్నలూ లెక్క వేస్తే, విచక్షణ 0.40 పైన 19, 0.30 నుంచి 0.39 వరకు 9, 0.20 నుంచి 0.29 వరకు 7, ఆ కింద 7 వచ్చాయి. ఈ విభజన ఎబెల్ ఇచ్చినది: 0.40 పైన చాలా బాగున్నవి, 0.30 పైన బాగున్నవి, 0.20 పైన మెరుగుపరచాల్సినవి, ఆ కింద తీసేయాల్సినవి. కఠినతకి ఇక్కడ 0.30 నుంచి 0.80 వరకు పరిధి పెట్టుకున్నాం.

పైన ఉన్న 28కి ఇంకో 2 కలిపేస్తే 30 అయిపోయింది కదా అనిపిస్తుంది, అక్కడే ఆగండి. ఆ 28 ఏ సబ్‌టాపిక్‌లవో చూస్తే విద్యుత్ ప్రవాహం 3, ఓమ్ నియమం 6, శ్రేణి 7, సమాంతర 10, సామర్థ్యం 2. అంకెల ప్రకారం మాత్రమే ఎంచుకుంటే మీ పరీక్ష మెల్లగా సమాంతర సంధానం పరీక్షగా మారిపోతుంది, సామర్థ్యం దాదాపు మాయమైపోతుంది, నిపుణులు ఒప్పుకున్న బ్లూప్రింట్ ఒకటి, పిల్లలు రాసింది ఇంకొకటి అవుతుంది. కాబట్టి సమాంతరలో 2 మంచి ప్రశ్నలు వదిలేసి, 0.20 నుంచి 0.29 మధ్య ఉన్నవాటిలోంచి ప్రవాహం 1, శ్రేణి 1, సామర్థ్యం 2 తీసుకున్నాం, 26కి 4 కలిసి 30, బ్లూప్రింట్ కుదిరింది. డ్రాఫ్ట్‌లో ప్రతి గడిలోనూ అదనంగా ప్రశ్నలు ఉండాలన్నది ఇందుకే, సామర్థ్యానికి 4 మాత్రమే రాసుకుని ఉంటే ఇప్పుడు చేతిలో ఏమీ ఉండేది కాదు.

0.27 ఉన్న ప్రశ్న తీసుకున్నారేంటి, 0.30 కావాలి కదా అని ఎవరైనా అడిగితే, గుంపుకి 30 మంది ఉన్నప్పుడు 0.27 అంటే 8 మంది తేడా, 0.30 అంటే 9 మంది తేడా, అంటే ఒక్క పిల్లవాడు. ఆ ఒక్కడి కోసం ఒక సబ్‌టాపిక్‌ని వదులుకోవడం కన్నా ఉంచడమే సరి, ఈ కారణం చాప్టర్‌లో రాయండి.

5. రిలయబిలిటీ: ఫైనల్ వెర్షన్, కొత్త పిల్లలు

చాలా ఎక్కువగా జరిగే తప్పు ఇది: 110 మంది డేటాలోంచి తీసేసిన ప్రశ్నల కాలమ్‌లు డిలీట్ చేసి, మిగిలిన 30 మీద అక్కడే రిలయబిలిటీ లెక్కపెట్టడం. ఆ పిల్లల దగ్గర బాగా పనిచేసిన ప్రశ్నలని ఏరుకుని మళ్లీ ఆ పిల్లల మీదే కొలిస్తే అంకె పెరిగే వస్తుంది. అందుకే 30 ప్రశ్నల ఫైనల్ పేపర్‌ని యూనిట్ పూర్తి చేసిన ఇంకో 60 మందికి పెట్టాలి. నిజంగా వీలు పడకపోతే పాత డేటా మీదే చేయొచ్చు గానీ, అదే డేటా అని రాయాలి.

1, 0 మార్కింగ్ ఉన్న పరీక్షకి కుడర్, రిచర్డ్‌సన్ 1937లో ఇచ్చిన 20వ ఫార్ములా సరిపోతుంది. ఇలాంటి డేటా మీద క్రాన్‌బాక్ ఆల్ఫా తీసినా అదే అంకె వస్తుంది, కాబట్టి రెండూ తీసి "రెండు పద్ధతుల్లోనూ నిరూపించబడింది" అని రాయకండి, అది ఒకే ఆధారం.

```
KR-20 = (k / (k - 1)) × (1 - Σpq / σ²)
```

k అంటే ప్రశ్నల సంఖ్య, p ఒక్కో ప్రశ్న సరిగ్గా రాసినవాళ్ల నిష్పత్తి (ఇక్కడ 60 మందిలోనూ), q అంటే 1 − p, σ² మొత్తం స్కోర్ల వేరియన్స్. మనకి సగటు 17.4, ప్రామాణిక విచలనం 5.6, వేరియన్స్ 31.36, pq మొత్తం 6.3 వచ్చాయి. 6.3/31.36 = 0.20, ఒకటిలోంచి తీస్తే 0.80, దాన్ని 30/29తో గుణిస్తే 0.83.

ఎక్సెల్‌లో పిల్లలు 2 నుంచి 61 వరుసల్లో, ప్రశ్నలు B నుంచి AE కాలమ్‌ల్లో, మొత్తం మార్కులు AFలో ఉంటే ఇలా:

```
B62:  =AVERAGE(B2:B61)
B63:  =B62*(1-B62)
AH1:  =(30/29)*(1-SUM(B63:AE63)/VAR.P(AF2:AF61))
```

B62, B63ని AE దాకా లాగండి. VAR.P బదులు VAR.S పెడితే అంకె కొద్దిగా తేడా వస్తుంది, pq లెక్క మొత్తం గుంపుతో భాగించేది కాబట్టి దానికి జత VAR.P. ఎస్‌పీఎస్ఎస్‌లో రిలయబిలిటీ అనాలిసిస్‌కి వెళ్లి ఆల్ఫా తీసినా ఇదే రావాలి, రాకపోతే డేటా ఎంట్రీలో 1, 0 కాకుండా ఆప్షన్ నంబర్లు 1, 2, 3, 4 అలాగే ఉండిపోయాయేమో చూడండి, తరచూ జరుగుతుంది.

0.83 అంటే ఎంత మంచిదో పిల్లల మార్కుల్లో చూస్తే బాగా తెలుస్తుంది. ప్రమాణ దోషం 5.6 × √(1 − 0.83), అంటే 2.3 మార్కులు. 18 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి దాదాపు 16కీ 20కీ మధ్య ఎక్కడో ఉండొచ్చు. గుంపుల సగటులు పోల్చే మన స్టడీకి ఇది హాయిగా సరిపోతుంది, అదే ఈ పరీక్షతో ఒక్కొక్క పిల్లవాడిని పాస్ ఫెయిల్ చేయాలంటే 17కీ 18కీ తేడా చూపించడానికి సరిపోదు. ఈ రెండు వాక్యాలు చాప్టర్‌లో ఉంటే మీరు అంకెని అర్థం చేసుకుని రాశారని చదివేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

టెస్ట్ రీటెస్ట్ కూడా చేయాలా? అదే ప్రశ్నలు కొన్ని వారాల తర్వాత మళ్లీ పెడితే పిల్లలు గుర్తుపెట్టుకుంటారు, లేదా మధ్యలో ఇంకేదో నేర్చుకుంటారు, అచీవ్‌మెంట్ టెస్ట్‌కి అది అంత కుదరదు. చేయలేదు అని రాస్తే తప్పేం లేదు.

6. రిలయబిలిటీకి వర్గమూలం వేసి వాలిడిటీ అనకండి

ఇది ఒక్కటి విడిగా చెప్పాలి, ఎందుకంటే పాత థీసిస్‌లలోంచి కొత్త థీసిస్‌లలోకి కాపీ అవుతూనే ఉంది. √0.83 = 0.91, "కాబట్టి పరీక్ష అంతర్గత సప్రమాణత 0.91" అని రాస్తారు. ఆ వర్గమూలం చెప్పేది పరీక్ష స్కోరుకీ దోషం లేని స్కోరుకీ మధ్య సంబంధం ఎంత అని, అంటే ఈ పరీక్ష బయటి ఏ కొలతతోనైనా గరిష్ఠంగా ఎంత కలవగలదో ఆ పైకప్పు మాత్రమే. విద్యుత్ వలయాల పరీక్ష బదులు స్పెల్లింగ్ పరీక్ష పెట్టి 0.83 తెచ్చుకున్నా వర్గమూలం 0.91 వస్తుంది, అది విద్యుత్ జ్ఞానాన్ని కొలిచిందని అర్థం కాదు కదా.

బయటి ఆధారం కావాలంటే, ఆ 60 మంది మొన్నటి టర్మ్ పరీక్షలో భౌతికశాస్త్రం మార్కులు తెచ్చుకుని కోరిలేషన్ తీయండి. మనకి 0.61 అనుకుందాం. మధ్యస్థంగా ఉంది, ఉండాల్సింది కూడా అలాగే, టర్మ్ పరీక్షలో వేరే యూనిట్లూ ఉన్నాయి, రాత ప్రశ్నలూ ఉన్నాయి. 0.95 వచ్చి ఉంటే ఆ టర్మ్ పేపర్‌తో ప్రశ్నలేమైనా కలిశాయేమో అని నేనైతే ముందు అనుమానపడతాను.

7. చాప్టర్‌లో రాయడం

జరిగిన వరుసలోనే రాయండి, ప్రతి అంకె పక్కన వెర్షన్, పిల్లల సంఖ్య, వాళ్లు యూనిట్ చదివారా లేదా అన్నవి ఉండాలి. ఇలా:

"విద్యుత్ వలయాల యూనిట్‌లో విద్యార్థుల సాధనను కొలవడానికి పరిశోధకుడు 45 అంశాల బహుళైచ్ఛిక పరీక్షను బోధనా పీరియడ్ల భారత్వం ఆధారంగా రూపొందించాడు (పట్టిక 3.1). 7గురు నిపుణులు ప్రతి అంశాన్ని 4 పాయింట్ల మాపనిపై రేట్ చేశారు, 0.78 కన్నా తక్కువ సూచిక వచ్చిన 5 అంశాలలో 3 తొలగించి, 2 సవరించి తిరిగి రేట్ చేయించడం జరిగింది. మిగిలిన 42 అంశాల సగటు సూచిక 0.96. యూనిట్‌ను పూర్తి చేసిన, ప్రధాన అధ్యయనంలో లేని 110 మంది విద్యార్థులపై ట్రైఅవుట్ నిర్వహించి, పై, కింది 27 శాతం గుంపులతో అంశ విశ్లేషణ చేయగా 30 అంశాలు ఎంపికయ్యాయి. బ్లూప్రింట్‌ను నిలుపుకోవడానికి విచక్షణ సూచిక 0.20 నుంచి 0.29 మధ్య ఉన్న 4 అంశాలను ఉంచి, సమాంతర సంధానంలో అధికంగా ఉన్న 2 అంశాలను వదిలివేయడమైనది. తుది రూపాన్ని యూనిట్ పూర్తి చేసిన వేరే 60 మందిపై నిర్వహించగా కుడర్ రిచర్డ్‌సన్ 20 విశ్వసనీయత గుణకం 0.83, ప్రమాణ దోషం 2.3 మార్కులుగా, టర్మ్ పరీక్ష భౌతికశాస్త్ర మార్కులతో సహసంబంధం 0.61గా వచ్చాయి."

దీని కింద ఒక్క పేరా పరిమితులు: 60 మంది చిన్న గుంపు, సామర్థ్యం సబ్‌టాపిక్‌లో 4 ప్రశ్నలే ఉన్నాయి కాబట్టి ఆ సబ్‌టాపిక్ స్కోరుని విడిగా విశ్లేషించలేదు అని. నిజంగానే విశ్లేషించకండి, 4 ప్రశ్నల ఉపస్కోరుకి రిలయబిలిటీ చాలా తక్కువ ఉంటుంది, మొత్తం పరీక్షకి వచ్చిన 0.83 దానికి వర్తించదు. ముందుకెళ్లి రిజల్ట్స్ చాప్టర్‌లో సబ్‌టాపిక్ వారీగా టీ టెస్ట్‌లు పెట్టేస్తే ఇక్కడ రాసింది అక్కడ తప్పినట్టవుతుంది.

అనుబంధంలో పెట్టాల్సినవి: నిపుణులకి ఇచ్చిన రేటింగ్ షీట్ ఖాళీ ప్రతి, 42 ప్రశ్నల కఠినతా, విచక్షణ సూచికల పూర్తి పట్టిక (తీసేసినవి కూడా, ఎందుకు తీసేశారో పక్కన ఒక మాటతో), కీతో సహా ఫైనల్ పేపర్. తీసేసిన వరుసలు పట్టికలోంచి చెరిపేయకండి, 23వ ప్రశ్న గురించి వైవాలో అడిగితే ఆప్షన్ల వారీ లెక్క చూపించి అంతర్నిరోధం సంగతి చెప్పడానికి మీకు ఆ వరుసే కావాలి.